రిఫరల్ బోనస్ ఎప్పుడు ఇవ్వాలి, ఎవరి గురించి అడగాలి, ప్యానెల్‌కు ఏం చెప్పకూడదు

మాదాపూర్‌లో 300 మంది పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీని ఉదాహరణగా తీసుకుందాం. వచ్చే మూడు నెలల్లో 18 మంది ఇంజినీర్లు కావాలి. సగటు సీటీసీ 18 లక్షలు. కన్సల్టెన్సీ ద్వారా తీసుకుంటే మన దగ్గర మామూలుగా నడిచే 8.33 శాతం లెక్కన, అంటే ఒక నెల జీతం లెక్కన, మనిషికి లక్షన్నర ఖర్చు. అందుకే యాజమాన్యం హెచ్‌ఆర్‌ను పిలిచి రిఫరల్స్ పెంచమంటుంది. హెచ్‌ఆర్ వెంటనే అందరికీ ఒక మెయిల్ పెడుతుంది: 'మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే పంపండి, జాయినైతే 50 వేలు.'

ఆ మెయిల్‌తో మనుషులు రావడం ఖాయం. ఏడాది తర్వాత చూస్తే ఒకే టీమ్‌లో ఒకే కాలేజీ బ్యాచ్ వాళ్లు ఆరుగురు ఉంటారు, లేదా ఒకే పాత కంపెనీ నుంచి వచ్చిన ఎనిమిది మంది ఉంటారు. పని రాని ఒకరిద్దరిని ఎవరూ ఏమీ అనలేరు, ఎందుకంటే తెచ్చినవాడు పక్క సీట్లోనే ఉంటాడు. ఇది మనుషుల తప్పు కాదు. ఆ మెయిల్ ఎవరిని అడిగిందో వాళ్లే వచ్చారు, దేనికి డబ్బిచ్చిందో అదే జరిగింది.

పథకం రాసేటప్పుడు అసలు తేల్చుకోవాల్సినవి మూడు: డబ్బు ఏ దశలో ఇవ్వాలి, రిఫర్ అయిన మనిషికి దక్కే ప్రత్యేక సౌకర్యం ఏమిటి, ఉద్యోగులను ఏ ప్రశ్న అడగాలి. మూడింటిలోనూ వేర్వేరు దారులున్నాయి. వాటిలో ఏది ఎందుకు మంచిదనుకుంటున్నానో చెబుతాను.

డబ్బు: జాయినైనప్పుడా, నిలబడ్డాకా, టెస్ట్ దాటినప్పుడా?

ఎక్కువ కంపెనీలు పాటించే మొదటి పద్ధతి జాయినింగ్ రోజున, లేదా ఆ నెల జీతంతో పాటు మొత్తం ఇచ్చేయడం. ఇందులో సుఖం ఉంది. అందరికీ అర్థమవుతుంది, డబ్బు త్వరగా చేతికొస్తుంది కాబట్టి జనం ఉత్సాహంగా పేర్లు ఇస్తారు. ఇబ్బంది ఏమిటంటే, ఇక్కడ డబ్బు వచ్చేది మంచి మనిషిని చూపించినందుకు కాదు, ఆ మనిషి సెలెక్ట్ అయినందుకు. దాంతో రిఫర్ చేసిన వ్యక్తి దృష్టి పేరు ఇవ్వడం మీద నుంచి సెలెక్షన్ మీదికి మళ్లుతుంది. ఇంటర్వ్యూ చేసే సహోద్యోగి దగ్గరకు టీ టైమ్‌లో వెళ్లి 'మనవాడే, కొంచెం చూడు' అనడం అక్కడే మొదలవుతుంది. ఏ ప్రశ్నలు అడుగుతారో ముందే క్యాండిడేట్‌కు చేరడం కూడా అక్కడి నుంచే.

రెండో పద్ధతి 90 రోజులకో, ఆరు నెలలకో ఇవ్వడం. ఇది మొదటిదానికంటే మెరుగు. చేరి నెలకే వెళ్లిపోయే మనిషికి బోనస్ వృథా కాదు. కానీ మన ఐటీ కంపెనీల్లో 60 రోజులు, 90 రోజుల నోటీసు పీరియడ్ మామూలే కదా. ఇంటర్వ్యూలకు ఒక నెల, నోటీసుకు మూడు నెలలు, ఆ పైన ఆరు నెలలు కలుపుకుంటే ఈరోజు పేరు ఇచ్చిన ఉద్యోగికి డబ్బు కనిపించేది పది నెలల తర్వాత. అంత దూరంలో ఉన్న డబ్బు కోసం ఎవరూ తీరిక చేసుకుని ఆలోచించరు. స్నేహితుడికి ఉద్యోగం అవసరమైన వాళ్లు మాత్రం డబ్బుతో పని లేకుండానే పేరు ఇస్తారు. అంటే ఆలస్యం వల్ల తగ్గేవి ముందుగా పరిచయం తక్కువున్నవాళ్ల పేర్లే. మనకు కావాల్సింది సరిగ్గా అవే.

మూడో దారి వైపు చూపించే ప్రయోగం ఒకటి కోల్‌కతాలో జరిగింది. ఆర్థికవేత్తలు లోరీ బీమన్, జెరెమీ మగ్రూడర్ 2012లో దాని ఫలితాలు ప్రచురించారు. కొంతమందికి తాత్కాలికంగా ఒక పని ఇచ్చి, ఆ పనికి మరొకరిని తీసుకురమ్మన్నారు. కొందరికి ఎవరిని తెచ్చినా ఒకే మొత్తం ఇస్తామన్నారు. మిగతావాళ్లకు, తెచ్చిన మనిషి ఎంత బాగా పనిచేస్తే అంత ఎక్కువ ఇస్తామన్నారు. పనిని బట్టి డబ్బు అన్నప్పుడు జనం బంధువులను తీసుకురావడం తగ్గించి, తమతో కలిసి పనిచేసినవాళ్లను తెచ్చారు. ఇంకో సంగతి కూడా తేలింది. ఆ పనిలో స్వయంగా ఆరితేరినవాళ్లే మంచి మనుషులను ఏరి తేగలిగారు. పని అంతగా రానివాళ్లకు ఎంత డబ్బు ఆశ చూపినా అది సాధ్యపడలేదు.

అంటే ఎవరు బాగా పనిచేస్తారో ఉద్యోగులకు చాలావరకు తెలుసు. మనం ఇచ్చే డబ్బు ఆ తెలివిని బయటికి లాగుతుందా, లేక మొహమాటాన్ని తీరుస్తుందా అన్నదే ప్రశ్న.

అయితే కోల్‌కతా పద్ధతిని యథాతథంగా కంపెనీలోకి తేవడం నాకు ఇష్టం లేదు. 'రిఫర్ అయిన మనిషికి మంచి రేటింగ్ వస్తే ఎక్కువ బోనస్' అని పెడితే, ఇంటర్వ్యూ ప్యానెల్ మీద పడే ఒత్తిడి కాస్తా వార్షిక రేటింగ్ ఇచ్చే మేనేజర్ మీద పడుతుంది. ప్రయోగంలో పని ఫలితాన్ని కచ్చితంగా కొలవగలిగారు. మన దగ్గర రేటింగ్ అంటే సగం మేనేజర్ అభిప్రాయం.

నేను ఎంచుకునేది డబ్బును రెండు ముక్కలు చేయడం. మొదటి ముక్క చిన్నది, ఐదు వేలు. క్యాండిడేట్ మొదటి వర్క్ టెస్ట్ దాటగానే ఇచ్చేయాలి, తర్వాత సెలెక్ట్ అయినా కాకపోయినా. ఆ టెస్ట్ ఇంట్లో కూర్చుని రాసేది కాకుండా గంటన్నరలో మన కళ్లముందు చేసేదై ఉండాలి, పేరు తీసేసి ఇద్దరు వేర్వేరుగా దిద్దాలి. రెండో ముక్క 45 వేలు, ఆరు నెలల ప్రొబేషన్ పూర్తయి కన్ఫర్మేషన్ లెటర్ వచ్చాక. చిన్న ముక్క త్వరగా వస్తుంది కాబట్టి ఉత్సాహం చావదు. పైగా అది పేరు దాచి దిద్దే టెస్ట్‌కు ముడిపడి ఉంది కాబట్టి ఎవరినీ బతిమాలి ప్రయోజనం లేదు.

ఖర్చు పెరుగుతుందేమోనని ఫైనాన్స్ వాళ్లు అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. మూడు నెలల్లో 60 రిఫరల్స్ వచ్చాయి, 15 మంది టెస్ట్ దాటారు, ఆరుగురు చేరారు, వాళ్లలో ఐదుగురు కన్ఫర్మ్ అయ్యారు అనుకోండి. మొదటి ముక్క 15 మందికి 75 వేలు, రెండో ముక్క ఐదుగురికి 2 లక్షల 25 వేలు, వెరసి 3 లక్షలు. జాయినింగ్ రోజునే తలా 50 వేలు ఇచ్చే పాత పద్ధతిలోనూ ఆరుగురికి అంతే, 3 లక్షలే. అదే ఆరుగురు కన్సల్టెన్సీ ద్వారా వస్తే 9 లక్షలు. ఆరుగురూ కన్ఫర్మ్ అయితే మన ఖర్చు ఇంకో 45 వేలు పెరుగుతుంది, కానీ అది సంతోషంగా ఇవ్వాల్సిన డబ్బు. ఉద్యోగులకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: ఈ బోనస్ జీతంలో భాగంగానే లెక్కకొస్తుంది, టీడీఎస్ పోగా మిగిలింది చేతికొస్తుంది. 45 వేలు అని విని 31 వేలు చూసుకున్న మనిషి మళ్లీ పేరు ఇవ్వడు.

బోనస్ ఎవరికి ఉండకూడదో కూడా ఇక్కడే రాసేయాలి. హెచ్‌ఆర్‌కు, ఆ ఖాళీ ఉన్న టీమ్ మేనేజర్‌కు, ఆయన పైవాళ్లకు వద్దు. మనుషులను వెతకడం, ఎంచుకోవడం వాళ్ల ఉద్యోగంలో భాగమే.

రిఫర్ అయిన మనిషికి ఏం దక్కాలి?

కొన్ని కంపెనీల్లో రిఫరల్ అంటే నేరుగా ఇంటర్వ్యూ, టెస్ట్ మినహాయింపు. ఇంకొన్నిచోట్ల ఏ ప్రత్యేకతా లేదు, రెజ్యూమె అందరిదానిలాగే గుట్టలో పడుతుంది. మొదటిది ప్రమాణాన్ని నేరుగా దించేస్తుంది. టెస్ట్ వదిలేసిన మనిషి గురించి మన దగ్గరున్న ఆధారం రిఫర్ చేసినవాడి మాట ఒక్కటే. రెండోది పథకాన్ని నెమ్మదిగా చంపుతుంది. తన స్నేహితుడికి రెండు నెలలైనా జవాబు రాకపోతే, మంచి నెట్‌వర్క్ ఉన్న ఉద్యోగి పరువు పోయిందని బాధపడి ఇంకెవరి పేరూ ఇవ్వడు.

గూగుల్‌కు దీన్ని గమనించే అవకాశం వచ్చింది. రిఫరల్ బోనస్‌ను 2,000 డాలర్ల నుంచి 4,000కు పెంచినా రిఫరల్స్ పెరగలేదని అప్పట్లో హెచ్‌ఆర్ అధిపతిగా ఉన్న లాస్లో బాక్ చెప్పారు. ఉద్యోగులు విసిగిపోయింది డబ్బు చాలక కాదు, ఇచ్చిన పేర్లు ఏమయ్యాయో తెలియక. రిఫర్ అయిన వాళ్లను త్వరగా పలకరించి, రిఫర్ చేసినవాళ్లకు ఎప్పటికప్పుడు సమాచారం ఇవ్వడం మొదలుపెట్టాక వాళ్ల అసంతృప్తి తగ్గింది.

కాబట్టి రిఫరల్‌కు ఇవ్వాల్సిన హక్కు ఒక్కటే: ఏడు పనిదినాల్లో ఒక మనిషి రెజ్యూమె చదివి జవాబు చెప్పడం. అవునన్నా, కాదన్నా. ఆ తర్వాత మార్గం అందరిదీ ఒకటే, అదే టెస్ట్, అదే కటాఫ్, అదే ప్యానెల్. రిఫర్ చేసిన వ్యక్తికి క్యాండిడేట్ ఏ దశలో ఉన్నాడో మాత్రం చెప్పాలి. మార్కులు, ఎందుకు పోయాడన్న వివరాలు చెప్పకూడదు. అవి క్యాండిడేట్ సొంత విషయాలు.

ఇందులో అతి ముఖ్యమైన పని అప్లికేషన్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. 'ఎక్కడి నుంచి వచ్చారు' అనే కాలమ్, రిఫర్ చేసినవారి పేరు ప్యానెల్‌కు కనబడకుండా మూసేయాలి. ప్యానెల్ సభ్యులు తమ స్కోర్లు విడివిడిగా నమోదు చేసేదాకా మాట్లాడుకోకూడదు. రిఫర్ చేసిన వ్యక్తి ప్యానెల్‌లో ఉండకూడదు. క్యాండిడేట్ స్వయంగా 'ఫలానా ఆయన పంపారు' అని చెప్పేస్తే ఏం చేయాలంటారా? ఇంటర్వ్యూకు ముందు పంపే మెయిల్‌లోనే ఆ పేరు ప్రస్తావించవద్దని ఒక వాక్యం పెట్టండి. చాలామంది పాటిస్తారు, కారణం చెబితే సంతోషిస్తారు కూడా.

డైరెక్టర్ గారి మేనల్లుడి సంగతి వేరేగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర పథకాలు కూలేది ఎక్కువగా అక్కడే. పెద్దవాళ్ల రిఫరల్స్‌ను నిషేధిస్తే అవి ఆగవు, ఫోన్ల మీదికి మారతాయి. అంతకంటే వాళ్లు కూడా అదే ఫారం నింపాలని, ఫారం లేకుండా నోటిమాటగా వచ్చిన పేరును హెచ్‌ఆర్ తానే ఫారంలోకి ఎక్కించి వాళ్లకు మెయిల్ పెట్టాలని రాసుకోవడం మంచిది. 'సార్, మీరు చెప్పిన క్యాండిడేట్‌ను మీ రిఫరల్‌గా నమోదు చేశాం, టెస్ట్ లింక్ పంపాం' అనే రెండు లైన్ల మెయిల్ హెచ్‌ఆర్‌లో పనిచేసే జూనియర్‌కు చాలా టెన్షన్ తగ్గిస్తుంది. ఆ మెయిల్ తర్వాత ఆయన ఇంకేం అడగాలన్నా రాతలో అడగాలి.

'ఎవరైనా ఉన్నారా?' అని అడగడం, 'ఫలానా పని చేసినవారెవరు?' అని అడగడం

ఎవరైనా ఉన్నారా అని అడిగితే మెదడు ముందు అందించేది నిన్న వాట్సాప్‌లో మాట్లాడిన పేరు. బ్యాచ్‌మేట్, రూమ్మేట్, బావమరిది. వాళ్లకు తెలిసినవాళ్లు, మన ఉద్యోగికి తెలిసినవాళ్లు దాదాపు ఒకటే కాబట్టి ఇలా ఎన్ని పేర్లు పోగైనా కొత్త వలయంలోకి అడుగు పడదు. లింక్డిన్‌లో రెండు కోట్ల మందికి పైగా వినియోగదారులపై చేసిన అధ్యయనం 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఉద్యోగం మారడానికి ఎక్కువగా ఉపకరించింది అతి దగ్గరి స్నేహాలు కాదని, ఒక మోస్తరు దూరపు పరిచయాలని అందులో తేలింది. ఆ దూరపు పరిచయాలు గుర్తుకు రావాలంటే ప్రశ్న సూటిగా ఉండాలి.

మెయిల్‌ను ఇలా మార్చి చూడండి. 'మీరు పనిచేసిన పాత ప్రాజెక్టుల్లో, క్లయింట్ వైపు గానీ టెస్టింగ్ టీమ్‌లో గానీ, పేమెంట్ల లెక్కలు సరిపోలనప్పుడు అందరూ ఎవరి దగ్గరకు వెళ్లేవారు?' ఇంకొకటి: 'పెళ్లి, పిల్లలు, అనారోగ్యం వల్ల ఉద్యోగం ఆపేసిన మంచి ఇంజినీర్ ఎవరైనా గుర్తున్నారా?' మరొకటి: 'మీ కాలేజీ కాని, మీ జిల్లా కాని వాళ్లలో, కలిసి పనిచేస్తే బాగుండు అనిపించిన వ్యక్తి ఎవరు?' ఒక్కో ప్రశ్నకు ఒక్కో ముఖం గుర్తొస్తుంది. నెలకు ఒక ప్రశ్న చాలు, అది కూడా అందరికీ కాకుండా ఆ పని తెలిసిన పదిహేను ఇరవై మందికి. కోల్‌కతా ఫలితాన్ని బట్టి, బాగా పనిచేసేవాళ్లనే ఎక్కువగా అడగాలి. అడిగితే తప్ప చెప్పని నెమ్మదస్తులు వాళ్లలోనే ఎక్కువ.

ఆడవాళ్ల విషయంలో ఈ సూటితనం మరీ అవసరం. మలావీలో బీమన్, మగ్రూడర్, కెలెహెర్ చేసిన మరో ప్రయోగంలో, అర్హత ఉన్న ఆడవాళ్లు తెలిసి ఉన్నప్పటికీ మగవాళ్లు ఎక్కువగా మగవాళ్లనే పంపారు. దీనికి విరుగుడుగా ఆడవాళ్లను రిఫర్ చేస్తే రెట్టింపు బోనస్ ఇచ్చే కంపెనీలున్నాయి. ఇంటెల్ 2015లో ఆడవాళ్లు, మైనారిటీ వర్గాలు, మాజీ సైనికుల రిఫరల్స్‌కు 4,000 డాలర్ల దాకా ప్రకటించింది. నేనైతే ఆ దారి ఎంచుకోను. చేరిన అమ్మాయి వెనకాల 'రెట్టింపు డబ్బుకు వచ్చింది' అనే మాట పుడుతుంది, ఎంత బాగా పనిచేసినా అది ఆమెను వదలదు. బోనస్ అందరికీ ఒకటే ఉంచి ప్రశ్నను మార్చడంలో ఆ ప్రమాదం లేదు.

ఫారం విషయానికొస్తే, పేరు, ఫోన్ నంబర్ కాక నేను పట్టుబట్టేది రెండు ప్రశ్నల మీద. మొదటిది: ఈ వ్యక్తి పనిని మీరు స్వయంగా చూశారా, చూసినవారి ద్వారా విన్నారా, అసలు తెలియదా? రెండోది: చూసిన ఒక పనిని నాలుగు వాక్యాల్లో చెప్పండి. వచ్చే జవాబుల్లో తేడా ఎలా ఉంటుందో చూడండి. ఒకరు రాస్తారు: 'చాలా మంచివాడు, హార్డ్‌వర్కింగ్, మా ఊరే, మంచి ఫ్యామిలీ.' ఇంకొకరు రాస్తారు: 'ఏడాదిన్నర ఒకే ప్రాజెక్టులో ఉన్నాం. రాత్రి నడిచే జాబ్ తరచూ ఆగిపోతుంటే అందరం మళ్లీ రన్ చేసి వదిలేసేవాళ్లం. ఈమె లాగ్స్ చదివి, ఒకే ఫైల్‌ను రెండు ప్రాసెస్‌లు ఒకేసారి తెరుస్తున్నాయని కనిపెట్టింది. డాక్యుమెంట్లు రాయడంలో మాత్రం కొంచెం బద్ధకం.' రెండో జవాబులో ఆ చివరి వాక్యం చూశారా? లోపం కూడా రాసే రిఫరల్‌ను నేను ఎక్కువ నమ్ముతాను. అయినా ఈ ఫారం పనికొచ్చేది షార్ట్‌లిస్ట్ చేసే దశలోనే. ప్యానెల్‌కు ఇది కూడా చూపించకూడదు.

'అసలు తెలియదు' అనే గడి ఎందుకంటే, సోషల్ మీడియాలో ముక్కూమొహం తెలియనివాళ్లు 'అన్నా, ఒక రిఫరల్ ఇవ్వండి' అని అడగడం ఇప్పుడు రోజూ జరిగేదే. డబ్బు తీసుకుని రిఫర్ చేసేవాళ్లూ ఉన్నారు. అడిగినవాళ్లను తప్పుపట్టలేం, మొహమాటం కొద్దీ పంపే ఉద్యోగినీ తప్పుపట్టలేం. ఆ గడి టిక్ చేసిన రెజ్యూమె మామూలు అప్లికేషన్ల వరుసలో కలుస్తుంది, దానికి బోనస్ ఉండదు. పరిచయం దూరపుదైనా పర్వాలేదు, పని చూసి ఉండాలి. ఏ ఉద్యోగి పేరు మీదైనా ఒకేసారి ఐదుకు మించి రిఫరల్స్ నడవకూడదనే పరిమితి కూడా పెట్టండి.

పక్షపాతం దూరిందని ఎలా తెలుస్తుంది?

రిఫరల్స్‌లో ఎంతమంది చేరారన్న ఒక్క అంకె చూస్తే ఏమీ తెలియదు. దశల వారీగా చూడాలి. మన కంపెనీకే వద్దాం. 60 మంది రిఫరల్స్‌లో 15 మంది టెస్ట్ దాటారు, అంటే 25 శాతం. వెబ్‌సైట్, నౌకరీ నుంచి నేరుగా వచ్చిన 300 మందిలో 60 మంది దాటారు, 20 శాతం. రిఫరల్స్ కొంచెం మెరుగు, నమ్మదగిన తేడానే. ఇక ప్యానెల్ దగ్గర చూడండి. 15 మంది రిఫరల్స్‌లో ఆరుగురు, 40 శాతం. నేరుగా వచ్చిన 60 మందిలో 12 మంది, 20 శాతం. పేరు దాచిన చోట చిన్న తేడా, ముఖాముఖి కూర్చున్న చోట రెట్టింపు తేడా. అక్కడ వెతకాలి.

వెతకాలి అన్నానే గానీ పక్షపాతం ఉందని తేల్చేయమనలేదు. పని ఎలా ఉంటుందో స్నేహితుడి దగ్గర ముందే తెలుసుకుని వచ్చిన మనిషి ప్యానెల్‌లో మెరుగ్గా మాట్లాడటం సహజమే. పైగా 15 మంది అంటే చాలా చిన్న సంఖ్య, ఇద్దరు అటూ ఇటూ అయితే శాతం తారుమారవుతుంది. రెండు మూడు త్రైమాసికాలు కలిపి చూడండి. అప్పటికీ తేడా అలాగే ఉంటే, కన్ఫర్మేషన్ సమయంలో ఆ రిఫరల్స్ ఎలా ఉన్నారో చూడండి. రిఫరల్స్‌లో ప్యానెల్ నిజంగా ఎక్కువ ప్రతిభ చూసి ఉంటే, ప్రొబేషన్‌లోనూ వాళ్లు మిగతావారి కంటే మెరుగ్గా తేలాలి. ప్యానెల్ దగ్గర రెట్టింపు, ప్రొబేషన్‌లో మిగతావారితో సమానం లేదా తక్కువ అయితే, 'ఎక్కడి నుంచి వచ్చారు' అనే కాలమ్ ఎక్కడో లీకవుతోందని అర్థం.

విస్తృతి సంగతి తెలియాలంటే, రిఫరల్ ద్వారా చేరినవాళ్ల కాలేజీలు, గత కంపెనీలు ఒక కాగితం మీద రాసి, పథకానికి ముందు ఏడాది చేరినవాళ్ల జాబితాతో పక్కపక్కన పెట్టండి. కొత్త పేర్లు పెరిగాయా, పాతవే చిక్కబడ్డాయా అన్నది చూడగానే తెలుస్తుంది. చిక్కబడితే బోనస్ పెంచడం, తగ్గించడం వల్ల ఉపయోగం లేదు, అడుగుతున్న ప్రశ్నను, అడుగుతున్న మనుషులను మార్చాలి. ప్రతి ఖాళీని బయట కూడా కనీసం పది రోజులు ప్రకటించాకే షార్ట్‌లిస్ట్ మూయాలనే నియమం ఎప్పుడూ తీయకండి. పోల్చడానికి నేరుగా వచ్చిన ఆ 300 మంది లేకపోతే పై లెక్కే ఉండదు.

ముప్పై నలభై మంది ఉన్న చిన్న కంపెనీలో ఇవన్నీ కుదరవు. ఎవరు ఎవరిని తెచ్చారో మధ్యాహ్నం భోజనాల దగ్గరే తెలిసిపోతుంది, ప్యానెల్ నుంచి దాచడం అసాధ్యం. అలాంటి చోట డబ్బు బోనస్ పూర్తిగా తీసేసి, పేరు దాచి దిద్దే టెస్ట్‌ను మాత్రం ఉంచుకోవాలని, చివరి ఇంటర్వ్యూకు బయటి నుంచి ఒక సీనియర్ ఇంజినీర్‌ను గంట లెక్కన ఫీజు ఇచ్చి పిలవాలని నా సలహా. బోనస్‌కు పెట్టే డబ్బులో కొంత భాగంతోనే ఆ ఫీజు సరిపోతుంది.